పది పాయింట్లు వస్తే చాలనుకున్న రోజు: ఎక్స్‌పైరీ నష్టం, తర్వాత పెట్టుకున్న డైలీ లిమిట్

2025 జులై 10, గురువారం. నిఫ్టీ వీక్లీ ఎక్స్‌పైరీలు, అంటే ఆ వారం ఆప్షన్ల గడువు ముగిసే రోజులు, అప్పటికి ఇంకా గురువారాలే ఉండేవి. ఆ రోజు నిఫ్టీ 25,500 పైన మొదలై, పెద్దగా వెనక్కి తిరగకుండా జారుతూ వచ్చి 25,355 దగ్గర ముగిసింది. నా ట్రేడింగ్ అకౌంట్‌లో పొద్దున ఒక లక్షా ఎనభై వేలున్నాయి. సాయంత్రానికి అందులో 46,500 పోయాయి, పైన చార్జీలు నాలుగు వందల చిల్లర. నేను రాసి పెట్టుకున్న రోజువారీ నష్టం లిమిట్ 5,000. అది పది గంటలకే దాటింది. అక్కడి నుంచి ఏం జరిగిందో, తర్వాత ఆ లిమిట్‌ని నిజంగా పనిచేసేలా చేయడానికి ఎన్ని నెలలు పట్టిందో రాస్తున్నాను.

నాది ఖమ్మం. సాయంత్రం నాలుగున్నరకు మొదలయ్యే సపోర్ట్ ఉద్యోగం, ఇంటి నుంచే. కాబట్టి మార్కెట్ టైమ్ అంతా ఖాళీ. ఇండెక్స్ ఆప్షన్లు ముందు కొని తర్వాత అమ్మేయడం మాత్రమే చేస్తాను, కొనకుండా ముందే అమ్మడం చేయను. నిఫ్టీ పెరిగితే కాల్ ధర పెరుగుతుంది, పడితే పుట్ ధర పెరుగుతుంది.

మొదటి ట్రేడ్ పద్ధతిగానే వేశాను. తొమ్మిదిన్నర దాటాక 25,500 కాల్, 68 రూపాయలకు రెండు లాట్లు. అప్పుడు లాట్ 75, అంటే 150 క్వాంటిటీ. ఇరవై పాయింట్ల కింద 48 దగ్గర, అక్కడికి పడితే దానంతటదే అమ్ముడయ్యేలా స్టాప్‌లాస్ పెట్టాను. అది తగిలింది. మూడు వేలు నష్టం. ఇంతవరకు ఏ తప్పూ లేదు, ఇలాంటివి వారానికి రెండు మూడు వస్తూనే ఉంటాయి.

నాలుగు నిమిషాల తర్వాత అదే కాల్ 41కి కనిపించింది. ఇందాక 68 పెట్టి కొన్నది ఇప్పుడు 41కే వస్తోంది కదా అనిపించింది. ఈసారి నాలుగు లాట్లు, 300 క్వాంటిటీ కొన్నాను. స్టాప్‌లాస్ ఆర్డర్ పెట్టలేదు. "చూసి నేనే తీసేస్తాను" అనుకున్నాను.

ఇక్కడ తెర మీద ఒక విషయం చూడండి. ఒకే ఆప్షన్‌ని రెండోసారి కొంటే యాప్ రెండింటినీ ఒకే వరుసలో చూపిస్తుంది. అందుకని కొత్త పొజిషన్ కొన్న క్షణానికే అక్కడ ఎర్రగా మైనస్ 3,000 ఉంది. కొత్త ట్రేడ్‌లో నేనింకా ఒక్క రూపాయి పోగొట్టుకోలేదు, కానీ కంటికి మాత్రం మూడు వేల నష్టంలో ఉన్న పొజిషనే కనిపిస్తుంది. నా బుర్ర వెంటనే లెక్క వేసింది: 300 క్వాంటిటీకి పది పాయింట్లు వస్తే మూడు వేలు, సున్నాకి వచ్చేస్తాను. చార్ట్‌లో పది పాయింట్లు రావడానికి కారణం ఏముందో చూడలేదు. సున్నాకి ఎంత కావాలో అది చూశాను.

పది పాయింట్లు రాలేదు. 26 దగ్గర భయమేసి అమ్మేశాను. మరో 4,500. మొత్తం ఏడున్నర వేలు. మధ్యలో మైనస్ 5,000 దాటడం నేను చూశాను. నోట్‌బుక్ కీబోర్డ్ పక్కనే ఉంది, మొదటి పేజీలో ఎర్ర పెన్నుతో "రోజుకి 5,000 — ఆపెయ్" అని రాసి ఉంది. చేయి వెళ్లి దాన్ని మూసింది. కోపంతో కూడా కాదు. ఫోన్ మోగుతుంటే సైలెంట్‌లో పెట్టినట్టు మామూలుగా మూసేశాను.

పదకొండుంబావుకి 25,400 కాల్ 38కి, పది లాట్లు. కిందికి చాలా వచ్చింది, ఇక్కడి నుంచి లేస్తుందని నాకు నేను చెప్పుకున్న కారణం. 24కి అమ్మాను. పదిన్నర వేలు పోయాయి. ఆ తర్వాత, మార్కెట్ పడుతూనే ఉంది కదా, ఇంతసేపూ కాల్స్ కొన్నదే పొరపాటు అనిపించి పన్నెండున్నర దాటాక 25,350 పుట్ 22కి ఇరవై లాట్లు కొన్నాను. సరిగ్గా అప్పుడు చిన్న బౌన్స్ వచ్చింది. 14కి వదిలించుకున్నాను. పన్నెండు వేలు. మొత్తం ముప్పై వేలు.

ఆ సమయంలో ఒంట్లో ఎలా ఉందో చెప్పాలి, ఎందుకంటే తర్వాత నాకు గుర్తుపట్టడానికి పనికొచ్చింది అదే. చెవులు వేడిగా అయిపోయాయి. కుర్చీలో ముందుకు జరిగి, మొహం తెరకి దగ్గరగా పెట్టి కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి "అన్నం పెట్టేదా?" అంటే "రెండు నిమిషాలు" అన్నాను. ఆ రెండు నిమిషాలు మూడున్నర దాకా సాగాయి. చార్ట్‌ని ఐదు నిమిషాల నుంచి ఒక నిమిషానికి మార్చేశానని కూడా తర్వాతే గమనించాను. బాధ అనిపించలేదు. ఎవరో నా డబ్బు పట్టుకెళ్తున్నారు, నేను వెనకాల పరిగెడుతున్నాను అన్నట్టుంది. ఎక్స్‌పైరీ రోజుల్లో మార్కెట్‌ని ఆడించిందని ఒక విదేశీ సంస్థ మీద మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన ఉత్తర్వు గురించే ఆ వారం మా ట్రేడింగ్ గ్రూపులో అందరూ మాట్లాడుకుంటున్నారు. నేనూ "నా స్టాప్‌లాస్ వాళ్లే కొట్టారు" అని గ్రూపులో పెట్టాను. 150 క్వాంటిటీ కోసం ఎవరు వస్తారు చెప్పండి.

ఆఖరిది రెండు దాటాక వేసింది. ఎక్స్‌పైరీ మధ్యాహ్నం ఐదు, ఏడు రూపాయలకు దొరికే ఆప్షన్లు కొని లాటరీ తగులుతుందేమో చూడటాన్ని మావాళ్లు హీరో-జీరో అంటారు. 25,400 కాల్ ఏడు రూపాయలు. 3,000 క్వాంటిటీ అంటే 21,000. నిఫ్టీలో ఒక ఆర్డర్‌కి 1,800 కన్నా ఎక్కువ క్వాంటిటీ ఒప్పుకోదు, అందుకని యాప్ దాన్ని 1,800, 1,200గా విడగొట్టి పంపింది. అలా విడగొట్టాల్సి వచ్చినప్పుడైనా నేనెంత పెద్ద సైజుకి వెళ్లానో తట్టాలి. తట్టలేదు. మూడు అవుతుండగా రూపాయిన్నరకు అమ్మాను. పదహారున్నర వేలు.

ఆ సాయంత్రం షిఫ్ట్‌లో ఒక క్లయింట్ టికెట్‌కి ఇంకొకరికి వెళ్లాల్సిన జవాబు పంపాను. ఎనిమిది గంటలకు మెయిల్‌కి ఆ రోజు ట్రేడ్ల లెక్కతో బ్రోకర్ కాంట్రాక్ట్ నోట్ వచ్చింది. పాన్ నంబర్ కొట్టి తెరిచి, ఒక్కో ఆర్డర్ టైమ్ చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు అంతకు మించి ఆలోచించే ఓపిక లేదు.

శుక్రవారం ఏమీ చేయలేదు. ఆదివారం మా బావమరిది వచ్చాడు. అతను ఒక రైస్ మిల్లులో అకౌంట్లు చూస్తాడు, షేర్ల గురించి ఏమీ తెలియదు. మా ఆవిడ చెప్పినట్టుంది, "బావా, ఒకసారి ఆ లెక్క చూపించండి" అన్నాడు. ట్రేడ్‌బుక్ డౌన్‌లోడ్ చేసి ఇచ్చాను. ధరలు అతనికి అర్థం కాలేదు. క్వాంటిటీ వరుస మీద వేలు పెట్టి ఆగాడు.

"నూట యాభై, మూడొందలు, ఏడొందల యాభై, పదిహేనొందలు, మూడు వేలు. బావా, ఈ అంకెలు ఎక్కడి నుంచి తెచ్చారు?"

నేను ఏదో చెప్పబోయాను. ధర తక్కువైంది కాబట్టి ఎక్కువ వచ్చాయని. అతను వినలేదు. కాలిక్యులేటర్ తీసి, అప్పటిదాకా పోయిన డబ్బుని తర్వాతి క్వాంటిటీతో భాగించాడు. మూడు వేలు బై మూడొందలు, పది. ఏడున్నర వేలు బై ఏడొందల యాభై, పది. పద్దెనిమిది వేలు బై పదిహేనొందలు, పన్నెండు. ముప్పై వేలు బై మూడు వేలు, పది.

"ప్రతిసారీ పది పాయింట్లలో మొత్తం తిరిగి వచ్చేలా కొన్నారు" అన్నాడు.

నేను ఒక్కసారి కూడా అలా అనుకుని ఆర్డర్ పెట్టలేదు. లాట్ల సంఖ్య వేలికి తోచినట్టు నొక్కాననే అనుకున్నాను. కానీ లెక్క అంత తిన్నగా ఉంది. కోపంలో వేసే ట్రేడ్ పిచ్చిగా, గుడ్డిగా ఉంటుందని అంటారు. నాది గుడ్డిగా లేదు, చాలా కచ్చితంగా ఉంది. ఆ కచ్చితత్వం మార్కెట్‌ని బట్టి వచ్చింది కాదు, నా నష్టాన్ని బట్టి వచ్చింది.

ఇంకో లెక్క నేనే చేశాను. ప్రతి ట్రేడ్‌లో ఎన్ని పాయింట్లు పోయాయి? 20, 15, 14, 8, ఐదున్నర. పాయింట్లలో చూస్తే ప్రతిసారీ ముందుకన్నా తక్కువే పోయింది. ఐదు ట్రేడ్లూ తప్పే అయినా, అన్నీ 150 క్వాంటిటీతోనే వేసి ఉంటే మొత్తం నష్టం 9,375. పోయింది 46,500. చార్జీల మీద నెపం వేయడానికి కూడా లేదు. పన్నెండు ఆర్డర్ల బ్రోకరేజీ 240, మిగతా పన్నులన్నీ కలిపినా 413 లోపే.

ఆప్షన్ కొనేవాళ్లకి ఇది ఎందుకంత సులువో కూడా అప్పుడే బోధపడింది. నష్టంతో అమ్మినా, వచ్చిన డబ్బు ఆ క్షణమే మళ్లీ కొనడానికి పనికొస్తుంది. ప్రీమియం, అంటే ఆప్షన్ ధర, తగ్గేకొద్దీ అదే డబ్బుకి ఎక్కువ క్వాంటిటీ వస్తుంది. పొద్దున పది వేలకు 150 వచ్చింది, మధ్యాహ్నం ఇరవై ఒక్క వేలకు 3,000. డబ్బు రెండింతలే పెట్టినట్టు అనిపిస్తుంది, క్వాంటిటీ ఇరవై రెట్లు అయింది.

పాత ట్రేడ్‌బుక్ అంతా దింపి ఎక్సెల్‌లో ఒక్కటే వెతికాను: నష్టంతో బయటికొచ్చిన ఐదు నిమిషాల్లో, ముందుకన్నా ఎక్కువ క్వాంటిటీతో వేసిన ట్రేడ్లు. ఏడాదిలో అలాంటివి కొన్నే ఉన్నాయి. ఏడాది నష్టంలో సగానికి పైగా వాటిలోనే ఉంది. మీరు చూసుకోవాలనుకుంటే ఈ రెండు గుర్తులు చాలు, మూడోది స్టాప్‌లాస్ ఆర్డర్ లేకపోవడం. జులై 7న సెబీ విడుదల చేసిన అధ్యయనంలో 2024-25లో డెరివేటివ్స్ ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 91 శాతం మంది నష్టపోయారని ఉంది. అది నేను సోమవారమే చదివాను, గ్రూపులో ఫార్వర్డ్ కూడా చేశాను. గురువారం జరిగింది మీకు తెలుసు.

ఇక లిమిట్ సంగతి. ఐదు వేలు అనే అంకె నేను ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు, గుండ్రంగా ఉందని కావచ్చు. మొదట దాన్ని మార్చాను. ఇకపై ఒక్క లాటే, ఇరవై పాయింట్ల స్టాప్‌లాస్, అంటే ట్రేడ్‌కి 1,500. రోజుకి రెండు స్టాప్‌లాస్‌లు, 3,000. రెండుసార్లు తప్పయితే ఆ రోజు మార్కెట్ నాకు అర్థం కాలేదని లెక్క. ఒక్క స్టాప్‌లాస్‌కే రోజు ముగిసిపోతే మామూలు నష్టాన్ని కూడా శిక్షలా భరించాలి, మూడు నాలుగు ఇస్తే మళ్లీ వేడెక్కే టైమ్ దొరుకుతుంది. నాకు రెండు సరిపోయింది.

అమలు చేయడమే కష్టం. మా బ్రోకర్ యాప్‌లో కిల్ స్విచ్ ఉంది. నొక్కితే మనం ట్రేడ్ చేసే సెగ్మెంట్, అంటే ఆ మార్కెట్ విభాగం, మూసుకుపోతుంది, పన్నెండు గంటల దాకా తెరవడానికి కుదరదు. బాగుంది కదా అనుకున్నాను. జులై 24, గురువారం, మూడు వేలు దాటాక మొదటిసారి నొక్కాను. ఓపెన్ పొజిషన్ ఉంది కాబట్టి కుదరదని వచ్చింది. ముందు స్క్వేర్ ఆఫ్ చేసి, అంటే ఉన్నది అమ్మేసి రమ్మంది. పొజిషన్ల పేజీకి వెళ్లాను. అక్కడ "ఎగ్జిట్" పక్కనే "యాడ్" ఉంటుంది. మీకు చెప్పక్కర్లేదు. ఆ రోజు మరో ఆరు వేలు పోయాయి. మనసు చెడి ఉన్నప్పుడు మనమే వెళ్లి నొక్కాల్సిన స్విచ్ నాలాంటివాడికి పనికిరాదని తేలింది. మనసు బాగున్న రోజు దాని అవసరమే రాదు.

కొన్ని బ్రోకర్ల యాప్‌లలో నష్టం ఒక అంకె దాటితే దానంతటదే పొజిషన్లు అమ్మేసి, ఆర్డర్లు రద్దు చేసి, ఆ రోజుకి ట్రేడింగ్ ఆపేసే ఏర్పాటు ఉందని విని, ఆగస్టు మొదటి వారంలో అలాంటి చోట అకౌంట్ తెరిచాను. అకౌంట్ త్వరగానే వచ్చింది. ఎఫ్ అండ్ ఓ, అంటే ఫ్యూచర్స్, ఆప్షన్ల సెగ్మెంట్ కోసం ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్ అడిగారు, అది ఆమోదం కావడానికి ఇంకో రెండు రోజులు. పాత అకౌంట్‌లో మిగిలిన డబ్బు మర్నాటికి బ్యాంకులో పడింది. అక్కడ ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్ మూసేయించాను. ఇది మర్చిపోతే కొత్త తాళానికి అర్థం లేదు, ఇక్కడ తలుపు మూసుకోగానే అక్కడి యాప్ తెరుస్తాం.

కొత్త అకౌంట్‌లో ఇరవై వేలే ఉంచాను. మిగతాది మా ఆవిడ పేరున ఎఫ్‌డీ. యూపీఐతో నిమిషంలో డబ్బు వేసేయొచ్చు కాబట్టి బ్యాంక్ యాప్‌లో యూపీఐ రోజువారీ పరిమితిని కూడా బాగా తగ్గించాను. కూరగాయలకీ పాలకీ సరిపోతుంది.

ఆటోమేటిక్ లిమిట్‌లో నేను ఊహించనివి కొన్ని బయటపడ్డాయి. మొదట చార్జీలకీ, అమ్మేటప్పుడు ధర కాస్త అటూ ఇటూ కావడానికీ కలిపి 3,300 పెట్టాను. రెండు స్టాప్‌లాస్‌లు తగిలాక లెక్క 3,000 దగ్గర ఆగింది, తాళం పడలేదు. ఇంకా 300 మిగిలింది. ఆ మూడొందలు ఉన్నాయి కదా అని మూడో ట్రేడ్ వేశాను. 75 క్వాంటిటీకి 300 అంటే నాలుగు పాయింట్లు. అది నిమిషం కూడా నిలవలేదు. ఆ తర్వాతి రోజు నుంచి లిమిట్‌ని 2,900కి దించాను. ఇప్పుడు రెండో స్టాప్‌లాస్ తగలబోయే ముందే తాళం పడుతుంది, మూడో ట్రేడ్‌కి సందు ఉండదు.

అది చూసే అంకెలో ఇంకా అమ్మని పొజిషన్ నష్టం కూడా కలుస్తుంది, చార్జీలు మాత్రం కలవవు. మార్కెట్ ధరకు అమ్మేస్తుంది కాబట్టి ఎక్స్‌పైరీ రోజు ఒకటి రెండు పాయింట్లు జారడం మామూలే. పైగా మా యాప్‌లో ఇది ఏ రోజుకి ఆ రోజే పెట్టాలి. పొద్దున 9:05కి ఫోన్‌లో అలారం ఉంది, అది పెట్టాకే చార్ట్ తెరుస్తాను. తాళం పడకముందు ఆ అంకెని మార్చడానికి వీలుంది. ఆగస్టులో ఒకసారి నష్టం 2,700 దగ్గర ఉండగా దాన్ని 5,000 చేశాను. అందుకే అకౌంట్‌లో ఇరవై వేలకు మించి ఉంచకపోవడం ముఖ్యమైంది.

సెప్టెంబర్ 2, మంగళవారం. నిఫ్టీ ఎక్స్‌పైరీ మంగళవారానికి మారాక వచ్చిన మొదటిది. ఆ రోజు పొద్దున మార్కెట్ పైకి పోతోంది. ఇది నిలవదని నా అభిప్రాయం. పుట్ కొన్నాను, ఇరవై పాయింట్లు పోయాయి. పది నిమిషాలు లేచి తిరిగి, మళ్లీ పుట్ కొన్నాను. పదకొండు కాకముందే తెర మీద పొజిషన్ మాయమైంది. ఆర్డర్ బుక్‌లో నేను పెట్టని అమ్మకం ఒకటి, రద్దయిన స్టాప్‌లాస్ ఒకటి. మొత్తం నష్టం 3,050. కొనే బటన్ నొక్కి చూశాను. ఈ రోజుకి ట్రేడింగ్ ఆపివేయబడిందని వచ్చింది. ఇంకోసారి నొక్కాను. అదే.

మధ్యాహ్నం మార్కెట్ తిరిగింది. పొద్దున్నించి వచ్చిందంతా వదిలేసి నిఫ్టీ 45 పాయింట్ల నష్టంతో 24,579 దగ్గర ముగిసింది. నా అభిప్రాయమే నిజమైంది. నేను రెండోసారి కొన్న పుట్ చివరి గంటలో ఎన్ని రెట్లైందో చూస్తూ కూర్చున్నాను. జులై 10న రాని కోపం ఆ రోజు వచ్చింది. మార్కెట్ మీద కాదు, రూలు మీద, ఆ అకౌంట్ తెరిపించిన నా మీద. బావమరిదికి ఫోన్ చేసి "నీ మాట విని పదివేలు పోగొట్టుకున్నాను" అన్నాను. "పోగొట్టుకున్నది మూడు వేలే కదా బావా" అన్నాడు. పెట్టేశాను.

కథ అక్కడ అయిపోలేదు. సాయంత్రం ఆరున్నరకు షిఫ్ట్‌లో బ్రేక్ దొరికింది. కమోడిటీ మార్కెట్ రాత్రి దాకా ఉంటుంది కదా. యాప్ తెరిచి క్రూడాయిల్ ఆప్షన్ మీద నొక్కాను, ఆర్డర్ పోయింది. తాళం ఎఫ్ అండ్ ఓకే పడింది, కమోడిటీకి కాదు. డబ్బు అదే డబ్బు. లాట్ వంద బ్యారెళ్లు, నేను క్రూడ్ చార్ట్ చూసి ఆర్నెల్లయింది. ఆరు పాయింట్ల పైచిలుకు వచ్చింది, 640 లాభం. ఆ లాభం నన్ను భయపెట్టినంత జులై నష్టం కూడా భయపెట్టలేదు. ఎందుకంటే తర్వాత తాళం పడ్డ ప్రతి రోజూ నేను క్రూడ్‌కే పోతానని నాకు తెలిసిపోయింది. మర్నాడు కమోడిటీ సెగ్మెంట్ మూసేయమని రిక్వెస్ట్ పెట్టాను. మీరు తాళం పెట్టుకునేటప్పుడు ఎన్ని సెగ్మెంట్లు తెరిచి ఉన్నాయో చూసుకోండి, అకౌంట్ తెరిచేటప్పుడు అన్నిటికీ టిక్ పెట్టేసి ఉంటాం.

తాళం పడ్డాక రోజు ఎలా గడపాలన్నది ఎవరూ చెప్పలేదు. మొదటి నెల ఆ గంటలు చాలా పొడుగ్గా ఉండేవి. చార్ట్ చూడకుండా ఉండలేకపోయాను. అందుకని చూడటానికి ఒక పని పెట్టుకున్నాను. తాళం పడ్డాక నేను ఏ ట్రేడ్ వేసి ఉండేవాడినో అప్పటికప్పుడు నోట్‌బుక్‌లో రాయడం, ధర, క్వాంటిటీతో సహా. తర్వాత కాదు, అప్పుడే రాయాలి, లేకపోతే మనం ఎప్పుడూ గెలిచేవాళ్లలాగే రాస్తాం. డిసెంబర్ దాకా రాసినవి చూస్తే కొన్ని రోజులు నిజంగానే లాభం వచ్చేది, సెప్టెంబర్ 2 లాగా. ఎక్కువ రోజులు ఇంకా పోయేవి. నన్ను కదిలించింది ఆ లాభనష్టాలు కాదు. నేను రాసుకున్న క్వాంటిటీలు. కాగితం మీద, ఎవరూ చూడని చోట, డబ్బు లేని చోట కూడా నేను 75 అని రాయలేదు. 225 అనీ, 300 అనీ రాశాను. నష్టం మూడు వేలు, 300 రాశాను అంటే పది పాయింట్లు.

ఈ రూలు వచ్చాక నేను లాభాల్లోకి వచ్చానని అనుకోవద్దు. సెప్టెంబర్ నుంచి లెక్క చూస్తే చిన్న నష్టంలోనే ఉన్నాను. తేడా ఎక్కడుందంటే, ఆ తర్వాత నా అతి పెద్ద నష్టపు రోజు 3,200 దాటలేదు. మా ఆవిడ ఇప్పుడు మధ్యాహ్నం అడగదు, తాళం పడ్డ రోజు నేనే వంటింట్లోకి వెళ్తాను కాబట్టి ఆమెకి తెలిసిపోతుంది.

2026 జనవరి నుంచి నిఫ్టీ లాట్ 65 అయింది. ఇరవై పాయింట్లకు 1,300, రెండింటికి 2,600. లిమిట్‌ని 2,500కి మార్చాను. పాత 2,900 అలాగే వదిలేస్తే మూడో ట్రేడ్‌కి మళ్లీ మూడొందలు మిగులుతాయి, లాట్ సైజు మారినప్పుడల్లా ఈ అంకె మార్చుకోవాలి. గురువారాల్లో వచ్చే సెన్సెక్స్ ఎక్స్‌పైరీకి లాట్ వేరు, పాయింట్లు వేరు, దానికి ఈ లెక్క సరిపోదు. అది నేను ఆడటం లేదు.